పాత బ్యాటరీ పక్కన కొత్తది: సిరీసా, ప్యారలలా?

ప్రశ్న: మా ఇంట్లో 12 వోల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఉన్నాయి. కొని నాలుగేళ్లయింది. మొదట్లో మూడు గంటలు వచ్చే బ్యాకప్ ఇప్పుడు గంటన్నరకే అయిపోతోంది. ఇంకో కొత్త బ్యాటరీ కొని దీనికి కలిపితే సరిపోతుందా? సిరీస్‌లో పెడితే పవర్ ఎక్కువ వస్తుందని ఒకరు, ప్యారలలే మంచిదని ఇంకొకరు అంటున్నారు. డబ్బు వృథా కాకుండా ఏం చేయాలి?

జవాబు: కలపకండి. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, దాని స్థానంలో కొత్తది ఒక్కటే పెట్టించండి. మీ మూడు గంటలు మీకు తిరిగి వస్తాయి.

సిరీస్ సంగతి ముందు తేల్చేద్దాం. సిరీస్‌లో వోల్టేజీలు కూడుకుంటాయి, కెపాసిటీ అలాగే ఉంటుంది: రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు 24 వోల్టులు, 150 ఏహెచ్ అవుతాయి. ప్యారలల్‌లో కెపాసిటీలు కూడుకుంటాయి: 12 వోల్టులు, 300 ఏహెచ్. గుణించి చూస్తే రెండూ 3,600 వాట్ అవర్లే. సిరీస్‌లో పెట్టినంత మాత్రాన పవర్ పెరగదు. మీది 12 వోల్టుల ఇన్వర్టర్ కాబట్టి దానికి 24 వోల్టులు ఇస్తే ఇన్వర్టరే కాలిపోవచ్చు. కనుక మీకు సిరీస్ అనే దారే లేదు.

బ్యాటరీ మీద పడే భారంలోనూ తేడా లేదు. మీ లోడ్ 400 వాట్లనుకుందాం. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే బ్యాటరీల నుంచి సుమారు 500 వాట్లు లాగాలి. 24 వోల్టుల దగ్గర అది 21 ఆంపియర్లు, రెండు బ్యాటరీల్లోనూ అదే కరెంటు పారుతుంది. 12 వోల్టుల దగ్గర 42 ఆంపియర్లు, కానీ రెండూ చెరి సగం పంచుకుంటాయి. అంటే ఒక్కోదానికి మళ్లీ 21. సిరీస్‌లో నిజంగా మిగిలేది కేబుల్ దగ్గర: మొత్తం కరెంటు సగమైతే అదే కేబుల్‌లో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే పెద్ద ఇన్వర్టర్లు 24 వోల్టులవి చేస్తారు.

ఇక మీ అసలు ఆలోచన, పాతదానికి కొత్తది ప్యారలల్‌గా కలపడం. బ్యాకప్ సగానికి పడిందంటే, లోడ్ మారకపోతే, మీ పాత బ్యాటరీలో మిగిలింది దాదాపు సగం కెపాసిటీ. లోడ్ పడగానే దాని వోల్టేజీ త్వరగా జారుతుంది, కరెంటులో ఎక్కువ వాటా కొత్తది మోయాల్సి వస్తుంది. కరెంటు వచ్చాక పాతది ఇంకా చార్జింగ్ తాగుతూనే ఉంటుంది, కొత్తది ఎప్పుడూ పూర్తిగా నిండదు. నిండని లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ శాశ్వతంగా పోతుంది. పాతదాంట్లో ఒక సెల్ షార్టయితే మరీ ప్రమాదం: లోడ్ లేకపోయినా కొత్తది దాంట్లోకి ఖాళీ అవుతూనే ఉంటుంది.

పైగా ఈ జబ్బు బయటికి కనబడదు. కలిపి ఉన్నంతసేపూ మీటరు రెండింటికీ ఒకే వోల్టేజీ చూపిస్తుంది. వైర్లు విడదీసి, కొన్ని గంటలు వదిలేసి కొలిస్తేనే నిజం తెలుస్తుంది. నిండిన బ్యాటరీ 12.6 దాటి ఉండాలి. 10.5 దగ్గర ఉంటే ఒక సెల్ పోయినట్టే. చార్జింగ్‌లో ఒక బ్యాటరీ మాత్రమే వేడెక్కడం, ఒకదాంట్లోనే నీళ్లు త్వరగా తగ్గడం కూడా గుర్తులే.

దీన్ని డబ్బులో చూడండి. ఐదేళ్లు రావాల్సిన కొత్త బ్యాటరీ పాతదాని సావాసంతో మూడేళ్లకే పోయిందనుకోండి. దాని ధరను 60 నెలలకు పంచాల్సింది 36 నెలలకు పంచుకుంటారు, నెల ఖర్చు మూడింట రెండొంతులు పెరుగుతుంది. ఎక్స్ఛేంజ్‌లో పాతదానికి వచ్చే సొమ్ము కూడా ఈలోగా చేతికి రాదు.

మూడు గంటలు చాలవు, ఆరు కావాలంటే లెక్క వేరు. అప్పుడు ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ఒకే నెలలో తయారైన రెండు కొత్త బ్యాటరీలు ప్యారలల్‌లో పెట్టొచ్చు. అదే లోడు మూడు గంటలే నడిచిన రోజున ఒక్కోటీ సగమే ఖాళీ అవుతుంది కాబట్టి ఎక్కువ కాలం వస్తాయి. కానీ చాలామంది మరిచిపోయేది చార్జర్. 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్ల చార్జింగ్ సరిపోతుంది. అదే చార్జర్‌కు 300 ఏహెచ్ తగిలిస్తే ఒక్కోదానికి 7.5 ఆంపియర్లే అందుతాయి, రెండింటినీ మొదలంటా నింపాలంటే రెట్టింపు సమయం పడుతుంది. కరెంటు తరచూ పోయే ఇంట్లో ఆ సమయం దొరకదు, రెండు బ్యాటరీలూ సల్ఫేట్ పట్టిపోతాయి. కొనేముందు మీ ఇన్వర్టర్ లేబుల్ మీద చార్జింగ్ కరెంటు ఎంతో, ఎంత ఏహెచ్ వరకు పెట్టొచ్చో చూడండి. 300 లేకపోతే రెండోది కొనొద్దు.

లేబుల్ ఒప్పుకుంటే బిగించేటప్పుడు ఇన్వర్టర్ ప్లస్ వైరు ఒక బ్యాటరీకి, మైనస్ వైరు రెండోదానికి తగిలించమనండి. రెండు వైర్లూ ఒకదానికే వేస్తే ఆ దగ్గరి బ్యాటరీయే ఎక్కువ పనిచేసి ముందుగా అరిగిపోతుంది.