“384 మందే ఎందుకమ్మా?” అని ఎక్స్‌టర్నల్ అడిగితే

*మేడమ్, మా అమ్మాయి ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేసింది. డిగ్రీ పిల్లల ఫోన్ వాడకం, చదువు వాయిదా వేసే అలవాటు మీద ఆరు కాలేజీల్లో 384 మందిని సర్వే చేసింది. వచ్చే నెల వైవా. శాంపిల్ గురించి అడిగితే ఏం చెప్పాలా అని టెన్షన్‌తో నిద్ర పోవడం లేదు. తెలిసినాయన ఒకరు ఇంకో 200 ఫారాలు నింపించి, ఎస్‌ఈఎం సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేయించి ఇస్తానంటున్నాడు. లోపం ఒప్పుకోవడం మంచిదా, గట్టిగా సమర్థించుకోవడం మంచిదా? రెండూ పోల్చి చెప్పండి. మూడు, నాలుగు అధ్యాయాలు జత చేస్తున్నాను. — ఒక తండ్రి, హనుమకొండ*

ముందు ఆ 200 ఫారాల సంగతి తేల్చేద్దాం. థీసిస్ ఇప్పటికే ఎగ్జామినర్ల చేతుల్లో ఉంది. అందులో 384 అని అచ్చయి ఉంది. ఇప్పుడు 584 అంటే ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడినట్టు? డబ్బిచ్చి నింపించిన ఫారాలను డేటా అనరు, దొంగ సాక్ష్యం అంటారు. మీరు కోపం తెచ్చుకున్నా సరే, ఈ మాట చెప్పక తప్పదు. అమ్మాయి నాలుగైదేళ్లు కష్టపడి చేసిన నిజమైన పనిలో అబద్ధం కలపాలా అని అడుగుతున్నారు, అదీ ఆమె భయం తగ్గించడానికి. ఆ పెద్దమనిషికి ఇంకోసారి ఫోన్ చేయకండి.

పైగా శాంపిల్ ఎంచుకున్న తీరులోనే తేడా ఉంటే ఎంతమందిని కలిపినా అది పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్లు వంటి జాబితాలు పట్టుకుని దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి ల్యాండన్ గెలుస్తాడని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో, కార్డు నింపి వెనక్కి పంపే ఓపిక ఉన్నవాళ్లు ఎవరో ఆలోచించండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి ఏడాదీ వస్తాయి. అందరిదీ ఒకటే భయం, శాంపిల్లో లోపం బయటపడితే డిగ్రీ పోతుందేమోనని. బయటి ఎగ్జామినర్లు థీసిస్ చదివి, సరే అని రిపోర్టు ఇచ్చాకే వైవా తేదీ వస్తుంది. మీ అమ్మాయి లిమిటేషన్స్ పేజీని వాళ్లు చూసే ఉంటారు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది, ఆ పేజీలో రాసిన దాని అర్థం రాసిన మనిషికి తెలుసా లేదా అని. ఆ రిపోర్టుల్లో శాంపిల్ మీద ఏమైనా వ్యాఖ్యలున్నాయేమో గైడ్‌ని అడగమనండి. ఉంటే మొదటి ప్రశ్న దాదాపు అదే.

ఇక 384. మన దగ్గర సర్వే థీసిస్‌లలో తరచుగా కనబడే అంకె ఇది. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో వేసిన శాంపిల్ సైజు పట్టికలో పెద్ద జనాభాకి ఇదే వస్తుంది. లెక్క ఇంతే, ఇందులో z అంటే 95 శాతం నమ్మకానికి వాడే 1.96, p, q సగం సగం, e మనం ఒప్పుకునే ఐదు శాతం ఎర్రర్:

```
n = z²pq / e² = (1.96² × 0.5 × 0.5) / 0.05² = 384.16
```

ఈ లెక్క జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉందనుకుని వేసింది, అంటే చీటీలు తీసినట్టు. మీ అమ్మాయి చేసింది అది కాదు. అనుమతి ఇచ్చిన ఆరు కాలేజీలకు వెళ్లింది, ఒక్కోదాంట్లో ఆ రోజు క్లాసులో ఉన్న 64 మందికి ఫారం ఇచ్చింది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. కలిపిన కుండలో అయితే ఆ మెతుకు నిజం చెబుతుంది. పైపైనే తీస్తే అడుగంటిన సంగతి తెలియదు. ఎగ్జామినర్ అడగబోయేది కుండ కలిపావా లేదా అనే.

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఒకరు “సూత్రం ప్రకారమే తీశాను సార్” అని గట్టిగా నిలబడతారు, తర్వాతి ప్రశ్నకే కూలిపోతారు. ఇంకొకరు “టైమ్ లేదు సార్, డబ్బులు లేవు సార్” అంటారు. నా వైవాలో నేనూ అదే అన్నాను. ఎగ్జామినర్ కళ్లజోడు తీసి “మీ ఇబ్బందులు మీవమ్మా, నీ థీసిస్ చదివి నమ్మేవాడి సంగతి చెప్పు” అన్నారు. ఆ తర్వాత ఐదు నిమిషాలు నేనేం మాట్లాడానో ఇప్పటికీ గుర్తులేదు.

ఇక్కడి నుంచి అమ్మాయికే చెబుతాను, ఉత్తరం ఆమెకివ్వండి.

అమ్మా, మొదటి ప్రశ్నకి జవాబు ఇలా ఉండవచ్చు: “సార్, ఆ సూత్రం రాండమ్ శాంపిల్‌కి వర్తిస్తుంది. కనీసం ఎంతమంది కావాలో అంచనాకే వాడాను. నాది కన్వీనియెన్స్ శాంపిల్, అంటే అందుబాటులో ఉన్నవాళ్లనే తీసుకున్నాను. అందుకని ఐదు శాతం ఎర్రర్ అని నేను క్లెయిమ్ చేయడం లేదు. నా ఫలితాలు ఈ ఆరు కాలేజీల్లో క్లాసుకు వచ్చే విద్యార్థుల వరకే.” నిమిషంలోపు అయిపోతుంది. అయితే ఇలా చెప్పే ముందు నీ థీసిస్ తిరగేసి చూడు. సారాంశంలో ఎక్కడైనా “తెలంగాణ డిగ్రీ విద్యార్థులు” అని గానీ, “రాండమ్‌గా ఎంపిక చేశాం” అని గానీ రాసి ఉంటే ఆ పేజీ నంబర్లు రాసుకో. వాళ్లు చూపించకముందే “ఆ మాట విస్తృతంగా రాశాను సార్, కరెక్షన్లలో సరిచేస్తాను” అనేసెయ్.

స్టాటిస్టిక్స్ బాగా తెలిసిన ఎగ్జామినర్ అయితే ఇంకో అడుగు వేస్తాడు. ఒకే కాలేజీ పిల్లలు ఒకరికొకరు కొంత పోలి ఉంటారు, అదే హాస్టల్, అదే బస్సు, అవే అలవాట్లు. అంటే 64 మంది చెప్పింది 64 వేర్వేరు మాటలు కాదు. ఆ పోలిక 0.05 ఉందనుకో, శాంపిల్ బలం ఎన్ని రెట్లు తగ్గిందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + (64 − 1) × 0.05 = 4.15. 384ని దానితో భాగిస్తే సుమారు 93. రాండమ్‌గానే తీసి ఉన్నా సమాచారం 93 మందిదేనన్నమాట. ఈ లెక్క చూసి గుండె ఆగిపోనక్కర్లేదు. నీ డేటాలో ఒకే కాలేజీ పిల్లల మధ్య అసలు పోలిక ఎంతుందో ఇప్పుడే లెక్కేసుకో, ఎస్‌పీఎస్‌ఎస్‌లోనే వస్తుంది. అడిగితే అంకె చెప్పు. కాలేజీని కూడా లెక్కలోకి తీసుకున్నాక నీ ప్రధాన ఫలితం నిలబడిందో లేదో చెప్పు. నిలబడకపోతే అదీ చెప్పు.

నాకు అసలు ప్రమాదంగా కనబడే ప్రశ్న వేరే ఉంది. “ఆ రోజు క్లాసుకి రానివాళ్ల సంగతేంటి?” నీ విషయమే చదువు వాయిదా వేయడం. వాయిదా వేసేవాడు క్లాసుకి వస్తాడా? నువ్వు వెతుకుతున్న పిల్లల్లో కొంతమంది ఆ రోజు హాస్టల్ గదిలో ఫోన్ పట్టుకుని పడుకుని ఉంటారు.

ఈ ప్రశ్నకి ముందుగానే చిన్న పని చేసిపెట్టుకో. నీ నాలుగో అధ్యాయంలో అమ్మాయిలు 251, అబ్బాయిలు 133 అని ఉంది. రోజుకి సగటు ఫోన్ వాడకం అమ్మాయిలది 3.2 గంటలు, అబ్బాయిలది 4.6. మొత్తం సగటు 3.7 వచ్చింది. ఆ కాలేజీల రోల్స్‌లో అమ్మాయిలూ అబ్బాయిలూ సగం సగం అనుకుంటే, ఆ లెక్కన సగటు 3.9 అవుతుంది. తేడా పన్నెండు నిమిషాలు. నిజమైన రోల్ అంకెలు ఆఫీసులో అడిగి తెచ్చుకుని ఇదే లెక్క మళ్లీ వెయ్యి. అప్పుడు ఇలా చెప్పొచ్చు: “సార్, నా శాంపిల్లో అమ్మాయిలు ఎక్కువ పడ్డారు. రోల్ ప్రకారం సరిచేసి చూస్తే సగటు ఇంత మారింది. రాని విద్యార్థుల్ని మాత్రం ఏ లెక్కతోనూ తేలేను. వాళ్లు ఫోన్ ఎక్కువ వాడేవాళ్లయితే నా సగటు అసలు కంటే తక్కువగా ఉంటుంది. వాడకానికీ వాయిదాకీ మధ్య నేను చూపించిన సంబంధం కూడా అసలు కంటే బలహీనంగా కనబడి ఉండొచ్చు.” లోపం ఉందని ఎవరైనా చెబుతారు. అది ఫలితాన్ని ఎటు లాగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అది వినగానే ఎగ్జామినర్ తల ఊపడం నేను చాలాసార్లు చూశాను.

చాలా అంశాల మధ్య సంబంధాల్ని ఒకేసారి లెక్కేసే ఎస్‌ఈఎం పద్ధతి గురించి కూడా ఒక మాట. ఈ మధ్య ఎవరిని చూసినా అందులో ఒక రకమైన పీఎల్ఎస్, బాణాల బొమ్మ, అదే మోజు. “చిన్న శాంపిల్ అయినా పర్వాలేదు” అని వర్క్‌షాపుల్లో చెబుతున్నారు. ఒక కాన్‌స్ట్రక్ట్, అంటే కొలిచే అంశం, దాని వైపు ఎక్కువలో ఎక్కువ ఎన్ని బాణాలొస్తే దానికి పదింతల మంది చాలు అనే లెక్క ఒకటి తిరుగుతోంది. అది చాలాసార్లు అవసరానికంటే తక్కువ చెబుతుందని విమర్శలున్నాయి. బూట్‌స్ట్రాపింగ్‌లో 5000 అని కనిపిస్తే 5000 మంది వచ్చేశారని సంబరపడేవాళ్లనీ చూశాను. అది ఆ 384 మందినే తిప్పి తిప్పి తీస్తుంది. క్లాసుకి రాని పిల్లవాడు 5000 సార్లు తిప్పినా రాడు. ఆ పద్ధతి పనికిరాదని నేననడం లేదు, కొలతల్ని సరిగ్గా పరీక్షించడానికి మంచిదే. కానీ శాంపిల్ ఎంపికలో తప్పుని అది కడగదు. నీ థీసిస్‌లో ఉన్న కోరిలేషన్, రిగ్రెషన్‌లే నువ్వు నోటితో వివరించగలవు. అవే చాలు.

రిహార్సల్ సంగతి. జవాబులు బట్టీ పట్టకు, ఒక్క మాట మర్చిపోతే మొత్తం పోతుంది. ఒక్కో ప్రశ్నకి నాలుగు ముక్కలే గుర్తుంచుకో: ఏం చేశాను, లోపం ఎటు లాగుతుంది, ఏం సరిచూశాను, ఇక ఎంతవరకు చెప్పగలను. పైకి మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసి విను. “బట్ సార్” అని మొదలైతే చెరిపి “నిజమే సార్” అని మొదలుపెట్టు. ప్రశ్న పూర్తయ్యాక ఒక గుటక మంచినీళ్లు తాగేంత సేపు ఆగు. మాక్ వైవాకి నీ డిపార్ట్‌మెంట్ వాళ్లకంటే ఫిజిక్స్ చదివిన స్నేహితురాలు మేలు, ఆమెకి నీ మీద జాలి ఉండదు. మూడో అధ్యాయంలో శాంపిల్ పేజీకి, లిమిటేషన్స్ పేజీకి రంగు కాగితం అతికించుకో. వణికే చేతులకి పేజీ తొందరగా దొరకదు.

సార్, మళ్లీ మీకు. ఒప్పుకోవడమా, సమర్థించుకోవడమా అని అడిగారు. ఏం చేసిందో ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, ఎంతవరకు చెప్పిందో దాన్ని సమర్థించుకోవాలి. ఈ పోలిక ఇంతకంటే సాగదు. మీ ఇంట్లో టెన్షన్ అమ్మాయికంటే మీకే ఎక్కువ ఉన్నట్టుంది. రోజూ “ప్రిపేర్ అయ్యావా” అని అడగడం మానేసి, రాత్రి భోజనాలయ్యాక ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కటే అడగండి: “క్లాసుకి రానివాళ్ల సంగతేంటమ్మా?” ఆమె చెప్పేంతవరకు మధ్యలో మాట్లాడకండి. మీకు అర్థం కాకపోతే “ఇంకోసారి చెప్పు” అనండి.