సెలవు చీటీలో ‘ప్రార్థన’ వద్దు

లాయర్ గారూ, నేను పైడిభీమవరం దగ్గర ఒక మందుల కర్మాగారంలో కెమిస్టుని. 2025 ఆగస్టు 18న చేరాను. జీతం 24,000. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. డాక్టరు కాన్పు ఫిబ్రవరి 6 అన్నారు. జనవరి 20 నుంచి సెలవు పెడదామనుకుంటే 9వ తేదీనే పాప పుట్టేసింది. తొలిచూలు. ముందుగా చీటీ ఇవ్వలేదు కాబట్టి పన్నెండు వారాలే, అదీ జీతం లేకుండా అని ఆఫీసువారు ఫోను చేసి నమూనా పంపారు: ‘వ్యక్తిగత కారణాల వల్ల జీతం లేని సెలవు దయతో మంజూరు చేయ ప్రార్థన. ఏప్రిల్ 3న చేరకపోతే నా రాజీనామాగా భావించవచ్చు.’ ఇప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. చీపురుపల్లిలో మా అమ్మ ఇంట్లో పాప ఇప్పుడే పడుకుంది. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఏమని రాయాలి?
– ఒక తల్లి

అమ్మా, ఆ మూడూ చించి మంచి పని చేశారు. నాలుగోది రాసేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ప్రసూతి సెలవు కోసం మీరిచ్చే కాగితం అర్జీ కాదు, నోటీసు. అర్జీకి కాదని జవాబు రావచ్చు. నోటీసు అందాక మిమ్మల్ని సెలవులో ఉండనివ్వడం యజమాని బాధ్యత అని చట్టమే చెబుతుంది. ఇన్నాళ్లూ ఇది 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. మీ పాప ఆ తర్వాతే పుట్టింది కాబట్టి మీకు వర్తించేది కొత్త స్మృతే. మీకు సంబంధించినంత వరకు పాత నియమాలే అందులోనూ ఉన్నాయి.

మీ ఆఫీసువారు పట్టుకున్న పేచీ ‘ముందుగా ఇవ్వలేదు’ అన్నది. గర్భిణిగా ఉన్నప్పుడు నోటీసు ఇవ్వలేకపోయిన స్త్రీ కాన్పు తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వవచ్చని స్మృతిలోని 62వ సెక్షన్‌లో ఉంది. అసలు నోటీసే ఇవ్వకపోయినా ఆ ఒక్క కారణంతో హక్కు పోదని కూడా అందులోనే ఉంది. నాలుగు వారాలు ముందుగా వచ్చే బిడ్డ చీటీ రాసేదాకా ఆగదని చట్టం రాసినవారికి తెలుసు. పన్నెండు వారాల మాట కూడా మీకు పొసగదు. అప్పటికే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది పిల్లలు జీవించి ఉన్న తల్లికి ఆ లెక్క. తొలిచూలుకు ఇరవై ఆరు వారాలు.

ప్రొబేషన్ సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది. చట్టం అడిగేది ఉద్యోగం ఖాయమైందా అని కాదు, కాన్పు కావలసిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర ఎనభై రోజులు పనిచేశారా అని. రోజుకూలీ మహిళలకు కూడా ఈ హక్కు ఉందని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆగస్టు 18 నుంచి జనవరి 8 వరకు 144 రోజులు. ఇరవై ఆదివారాలు తీసేస్తే 124. మధ్యలో మీరు పెట్టిన సెలవులు ఓ పది, పదిహేను తీసినా నూరు దాటుతుంది. చట్టప్రకారం జీతంతో ఇచ్చే పండగ సెలవులు తీయనక్కర్లేదు, అవి పనిదినాల కిందికే వస్తాయి.

ఇక నమూనాలోని మాటల సంగతి. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలు ఎంత పని చేస్తాయో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట రాజాం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేది. చీర ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, ఫోను వెలుతురులో మొగుడి పద్దుపుస్తకం వెనక పేజీల మీద సెలవు చీటీ రాసుకుంది. మొదటి ప్రతి ‘తమరి దయకు పాత్రురాలను’ అని మొదలైంది. అది తనకే నచ్చక కొట్టేసింది. రెండోది నిండా రెండు పేజీలు. కాన్పు ఎంత కష్టమైందో, అత్తగారికి ఒంట్లో ఎలా ఉందో, ఎన్ని కుట్లు పడ్డాయో అన్నీ ఉన్నాయి. బిడ్డ లేచింది, పాలు పట్టింది, తిరిగి వచ్చి చదువుకుంటే పరాయి మగవాళ్లు చదివే కాగితంలో ఇదంతా ఎందుకని సిగ్గేసింది. మూడోది మూడు వాక్యాలకు కుదించింది. కుదించేటప్పుడు కాన్పు అన్న మాట కూడా ఎగిరిపోయింది. మిగిలింది ‘వ్యక్తిగత కారణాలు’. అదే పంపింది.

అధికారి ముందు యాజమాన్యం ఆ చీటీనే చూపించింది. ఈమె అడిగింది సొంత పని మీద సెలవు, మేము జీతం లేకుండా ఇచ్చాం, ఇందులో మా తప్పేముంది అని వాదించింది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, బిడ్డ టీకాల కార్డు, రెండు నెలల హాజరు పట్టీ పెట్టి, ఆ సెలవు ప్రసూతి సెలవేనని తేల్చడానికి నాకు ఎన్నో వాయిదాలు పట్టింది. డబ్బు వచ్చింది. వచ్చేనాటికి ఆ పిల్ల నా ఆఫీసు గోడ పట్టుకుని నడుస్తోంది. రెండో ప్రతిలోని రెండు పేజీల్లోంచి కాన్పు తేదీ ఒక్కటి మూడో ప్రతిలోకి వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

‘జీతం లేని సెలవు’ అని మీరే రాసిచ్చినా, చట్టం ఇచ్చిన హక్కుకు అడ్డుపడే ఒప్పందం చెల్లదని వాదించవచ్చు. కానీ ఆ వాదన భారం మీ నెత్తిన ఎందుకు? రాజీనామా వాక్యం అంతకంటే పొల్లు. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని ఆ కారణంగా తొలగించడం 68వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధం. వాళ్లు నేరుగా చేయలేని పనిని మీ చేత్తో రాయించుకుంటున్నారు. ఆ వాక్యం ఎంత మెత్తగా మార్చినా సరే, మీ కాగితంలో ఉండకూడదు.

ఇలా రాయండి. తెలుగులో అయినా, మీ ఆఫీసులో నడిచే ఇంగ్లీషులో అయినా ఫరవాలేదు.

‘విషయం: ప్రసూతి ప్రయోజనం కోసం నోటీసు. నేను మీ కర్మాగారంలో 2025 ఆగస్టు 18 నుంచి కెమిస్టుగా పనిచేస్తున్నాను. నా కాన్పు 2026 ఫిబ్రవరి 6న జరుగుతుందని వైద్యులు చెప్పగా, జనవరి 9ననే జరిగింది. ఇది నా మొదటి బిడ్డ. సామాజిక భద్రతా స్మృతి ప్రకారం 2026 జనవరి 9 నుంచి జులై 9 వరకు ఇరవై ఆరు వారాలు ప్రసూతి సెలవులో ఉంటాను. ఆ కాలానికి నాకు రావలసిన ప్రసూతి ప్రయోజనాన్ని, ఇతర మొత్తాలను నా బ్యాంకు ఖాతాలో జమ చేయండి. ఆ ప్రయోజనం పొందే కాలంలో నేను ఏ సంస్థలోనూ పనిచేయను. జులై 10న విధుల్లో చేరతాను. కాన్పు రుజువుగా డిశ్చార్జి పత్రం నకలు జతచేశాను.’

అంతే. ‘ఏ సంస్థలోనూ పనిచేయను’ అన్నది చాలామంది వదిలేస్తారు. నోటీసులో అది ఉండాలని చట్టం అడుగుతుంది కాబట్టి తీసేయకండి. నోటీసుకు ప్రత్యేక ఫారం ఉందని ఆఫీసువారు అంటే ఇవ్వమనండి, అదీ నింపండి. ఫారం వచ్చేదాకా ఈ కాగితాన్ని మాత్రం ఆపకండి.

తేదీలు నేను లెక్కకట్టినవే. మీరు కాన్పుకు ముందు ఒక్క రోజు కూడా సెలవు వాడుకోలేదు కాబట్టి 182 రోజులూ ఇటువైపే వస్తాయి. జనవరి 9 శుక్రవారం, జులై 9 గురువారం. వారం అంటే ఏడు రోజులే, ఆదివారాలకు డబ్బు కోయకూడదని బి.షా కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. రోజు రేటు తీసేది సెలవుకు ముందు మూడు క్యాలెండరు నెలల వేతన సగటు మీద. అంటే మీకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు. ఆ మూడు జీతం చీటీలు దగ్గర పెట్టుకోండి. మీ జీతం ఈఎస్‌ఐ హద్దు అయిన 21,000 దాటింది కనుక ఇవ్వవలసింది యాజమాన్యమే. కాన్పు రుజువు అందిన 48 గంటల్లో ఇవ్వాలి. కాన్పు ముందూ తర్వాతా వైద్యం వాళ్లు ఉచితంగా చేయించకపోతే, 3,500 రూపాయల వైద్య బోనస్ కూడా వస్తుంది. చీటీలో నేను పెట్టిన ‘ఇతర మొత్తాలు’ అన్న మాట దానికోసమే.

పాప నెల ముందు పుట్టింది కదా, అదనంగా సెలవు ఉందా అని మీకు తోచవచ్చు. ఉంది, గరిష్ఠంగా ఒక నెల, జీతంతో. కానీ అది నెలలు నిండకుండా పుట్టినందుకే రాదు. ఆ కాన్పు వల్ల మీకు అనారోగ్యం కలిగిందని వైద్యుని పత్రం చూపాలి. ఇప్పుడు ఆ ప్రస్తావన చీటీలో పెట్టకండి, జులైలో అవసరమైతే చూద్దాం.

డిశ్చార్జి కాగితంలో కాన్పు జరిగిన తేదీతో పాటు కావలసిన తేదీ కూడా ఉందేమో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే ఫిబ్రవరి 6 అని రాసిన స్కానింగ్ రిపోర్టు నకలు జతచేయండి. ఎనభై రోజుల లెక్క ఆ తేదీ నుంచే వెనక్కి వెళుతుంది. పొద్దున్నే కంపెనీ ఈమెయిలుకు పంపించి, సంతకం చేసిన ప్రతిని మీ వాళ్లెవరి చేతనైనా స్పీడ్ పోస్టు చేయించండి. రసీదు జాగ్రత్త. ‘నమూనాలో ఉన్నట్టే రాయండి’ అని మళ్లీ ఫోను వస్తే, ఆ మాట ఈమెయిలులో పెట్టమని అడగండి. సాధారణంగా ఆ ఈమెయిలు రాదు.

డబ్బు రాకపోతే, లేక తొలగించామని కాగితం పంపితే, ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అని కొత్త స్మృతి పేరుపెట్టిన అధికారికి ఫిర్యాదు చేయాలి. మీ కర్మాగారం రణస్థలం మండలంలో ఉంది కాబట్టి శ్రీకాకుళంలోని కార్మిక శాఖ కార్యాలయంలో వాకబు చేయండి. మీరు చీపురుపల్లిలో ఉన్నారని విజయనగరం వెళ్లి తిరిగి రావద్దు. తొలగింపు మీద అప్పీలుకు మాత్రం ఆ ఉత్తర్వు మీకు అందిన రోజు నుంచి అరవై రోజులే గడువు. పచ్చిబాలింతకు అరవై రోజులు ఇట్టే గడిచిపోతాయి, అందుకే కవరు అందిన తేదీ దాని మీదే రాసిపెట్టమని ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచండి.

సంతకం కింద తేదీ మరచిపోకండి. రాత్రి పన్నెండు దాటింది కాబట్టి కొత్త తేదీ వేయాలి.