సెమీస్ టికెట్ కోసం అత్యవసర నిధి తీస్తారా?

ప్రశ్న: 2027 వన్డే ప్రపంచకప్‌కి దక్షిణాఫ్రికా వెళ్లాలన్నది నా కల. పదహారు రోజులు, గ్రూప్ దశ దాటిన జట్లు ఆడే సూపర్ సిక్స్ నుంచి ఫైనల్ దాకా. మ్యాచ్ లేని రోజుల్లో కేప్‌టౌన్, క్రూగర్, విక్టోరియా జలపాతం చూడాలి. అంచనా వేస్తే మా ఇంటి ఆరు నెలల ఖర్చు అంత అవుతోంది. బ్యాంకులో నాలుగు నెలల ఖర్చుకి సరిపడా అత్యవసర నిధి ఉంది. దాన్ని వాడి, మిగతా రెండు నెలలకి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. నెలనెలా ఖర్చులో మూడో వంతు మిగులుతుంది, కానీ అది మ్యూచువల్ ఫండ్ సిప్‌లకి పోతోంది. వాటిని ఆపడం ఇష్టం లేదు. ఇంకా ఏడాది టైముంది. మా ఆవిడ టెన్షన్ పడుతోంది. సరైన ప్లానేనా సర్?

జవాబు: టెన్షన్ పడాల్సింది మీరు. ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది.

ఇలాంటి ఉత్తరాలు ప్రతి పెద్ద టోర్నీకి ముందూ వస్తాయి. అన్నిటిలోనూ తప్పు ఒకటే. సిప్‌ని ముట్టుకోరు, అత్యవసర నిధిని మాత్రం ఖాళీగా పడి ఉన్న డబ్బులా చూస్తారు. ఏడాది ముందే తేదీ తెలిసిన క్రికెట్ మ్యాచ్ అత్యవసరం ఎలా అవుతుందండీ?

మీ ప్లాన్ ప్రకారం వెళ్లొచ్చారనుకుందాం. దిగిన రోజు నిధి సున్నా. లోన్ ఈఎంఐ ఏడాదికి పెట్టుకుంటే, మీకు నెలనెలా మిగిలేదాంట్లో సగానికి పైగా దానికే పోతుంది. మిగిలినదాంతో, లోన్ తీరాక మొత్తం మిగులుతో నిధిని మళ్లీ నాలుగు నెలల స్థాయికి తేవడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది, అదీ సిప్‌లు మొత్తం ఆపేస్తేనే. అంటే ఇప్పుడు ఆపనన్న సిప్‌ని అప్పుడు ఇంకా ఎక్కువ కాలం ఆపుతారు, పైన వడ్డీ కడతారు. ఆ ఏడాదిన్నరలో ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా రెండో లోన్ కోసం పరిగెత్తాలి. సరదా కోసం తీసుకున్న మొదటి అప్పు ఈ రెండో అప్పుకి దారి తీస్తుంది. విహారయాత్రకి పర్సనల్ లోన్ అనే మాట మళ్లీ నా ముందుకి తేకండి.

ఏం చెయ్యాలో సూటిగా చెప్తాను. ఈ పన్నెండు నెలలూ సిప్ ఆపి, ఆ మూడో వంతుని రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాది చివరికి నాలుగు నెలల ఖర్చు అంత చేతికొస్తుంది. యాత్ర దాంట్లోనే అయిపోవాలి. దాంట్లోనూ మూడుంపావు నెలల ఖర్చు అంతకే బుకింగులు చేసి, మిగతా ముప్పావు నెల ఖర్చు అంత కదపకుండా ఉంచండి. ఇంటి నిధి వేరు, యాత్రకి వేరే నిధి. ఈ ముప్పావు ఎందుకో చెప్పాలంటే కాస్త క్రికెట్ మాట్లాడుకోవాలి.

టోర్నీ ప్రయాణం మామూలు టూర్ లాంటిది కాదు. తేదీలు మీ చేతిలో ఉండవు. 2023 ప్రపంచకప్‌లో అహ్మదాబాద్‌లో జరగాల్సిన భారత్-పాకిస్తాన్ మ్యాచ్ షెడ్యూల్ ప్రకటించాక అక్టోబర్ 15 నుంచి 14కి జరిగింది. ఒక్క రోజే, కానీ 14 సాయంత్రం దిగేలా టికెట్ కొన్నవాళ్లకి మ్యాచ్ పోయినట్టే. 2019లో మాంచెస్టర్ సెమీఫైనల్ జులై 9న మొదలై, వాన వల్ల రిజర్వ్ డే 10న ముగిసింది. 10న తిరుగు విమానం పెట్టుకున్నవాళ్లు ఛేజింగ్ చూడకుండా బయల్దేరాలి, లేదా కొత్త టికెట్ కొనాలి. భారత్ ఓడిపోయాక లార్డ్స్ ఫైనల్ టికెట్లు మన అభిమానుల దగ్గరే బోలెడు ఉండిపోయాయి. అధికారిక వేదికలో తిరిగి అమ్మేయమని న్యూజిలాండ్ ఆటగాడు జిమ్మీ నీషమ్ ట్విట్టర్‌లో అడగాల్సి వచ్చింది.

మీరు ఎంచుకున్న సూపర్ సిక్స్ నుంచి ఫైనల్ భాగంలో మన జట్టు ఆడుతుందన్న గ్యారంటీయే లేదు. 14 జట్లు, ఏడేసి చొప్పున రెండు గ్రూపులు. ఏ జట్టుకైనా ఖాయంగా ఉండేవి ఆరు గ్రూప్ మ్యాచ్‌లే. సూపర్ సిక్స్‌లో ఎవరితో ఏ ఊళ్లో ఆడేదీ గ్రూపులో ఎన్నో స్థానం వచ్చిందన్నదాన్ని బట్టి మారిపోవచ్చు. అక్కడ రీఫండ్ రాని హోటళ్లు, విమానాలు ముందే కొనడమంటే పందెం కాయడమే. అప్పు తెచ్చి మరీ కాస్తానంటున్నారు!

గ్రూప్ దశకి పది రోజులు వెళ్లండి. ఖర్చు తగ్గేది మ్యాచ్ టికెట్ల దగ్గర కాదు, మధ్య రోజుల దగ్గర. 2023లో భారత్ అక్టోబర్ 22న ఆడి, మళ్లీ 29న ఆడింది. మధ్యలో ఆరు రోజులు. జట్టు వెనకే ఊళ్లు మారుతూ పోతే ఆ ఆరు రోజులూ జేబుని తినేస్తాయి. షెడ్యూల్ చూసి, రెండు మ్యాచ్‌లు ఒకే ఊరి నుంచి చూడగలిగే చోట మకాం పెట్టండి. జొహానెస్‌బర్గ్‌లో ఉంటే వాండరర్స్‌కీ, సెంచూరియన్‌కీ రెండింటికీ కారులో వెళ్లిరావచ్చు. కేప్‌టౌన్‌లో ఉంటే న్యూలాండ్స్, దగ్గర్లోనే పార్ల్. రెండు ఊళ్లూ కావాలంటే ఒక్కసారి మాత్రమే మారండి, అదీ మ్యాచ్ ఉన్న రోజు కాకుండా.

చూసే ప్రదేశాల్లో విక్టోరియా జలపాతం కొట్టేయండి. టోర్నీ జరిగే అక్టోబర్, నవంబర్ నెలల్లో అక్కడ నీరు బాగా తక్కువ. ఫొటోల్లో చూసే ఆ ధార అప్పుడు ఉండదు. పైగా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇస్తే, జింబాబ్వే వెళ్లాక దక్షిణాఫ్రికాలోకి తిరిగి రాలేరు. క్రూగర్‌ని ఉంచండి. అక్టోబర్ అంటే అక్కడ వానలు లేని కాలం చివర కాబట్టి జంతువులు నీటి దగ్గరికి చేరతాయి. ప్రైవేటు లాడ్జ్ వద్దు. పార్కు వాళ్ల సొంత క్యాంపులు ఉన్నాయి, స్కుకూజా లాంటివి. మీ కారులోనే తిరగొచ్చు. జొహానెస్‌బర్గ్ నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు కాబట్టి రెండు రాత్రుళ్లకి తక్కువైతే వెళ్లకండి. అది మలేరియా ప్రాంతం, డాక్టర్‌ని ముందే కలవండి. కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ కేబుల్ కార్ గాలి ఎక్కువైతే ఆపేస్తారు. దాన్ని చివరి రోజుకి పెట్టుకోకండి, మొదటి ఖాళీ రోజే వెళ్లండి. కుదరకపోతే రేపు ఉంటుంది.

ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి, వైద్య ఖర్చు కవర్ పెద్దదిగా. కానీ జట్టు ఓడిపోయిందని, మ్యాచ్ తేదీ మారిందని మీకు పెరిగే విమానం ఖర్చు అది సాధారణంగా ఇవ్వదు. ఆ ముప్పావు నెల డబ్బు ఉన్నది దానికే. మ్యాచ్ వాయిదా పడితే ఇంకో రెండు రాత్రుళ్ల గది, మారిన టికెట్ తేడా, అంతే. జీబ్రా బొమ్మలు కొనడానికి కాదు.

క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ మార్గం మీరు అడగలేదు, అడిగినా జవాబు ఇదే. బంగారం మీద లోన్ కూడా అప్పే.

మీరు తిరిగొచ్చాక మనవాళ్లు ఫైనల్ చేరారనుకోండి. ముప్పావులో ఏమైనా మిగిలి, అధికారిక రీసేల్‌లో టికెట్ దొరికి, రానూ పోనూ విమానం దానికే సరిపోతే మీ ఇష్టం. సరిపోదని నాకు దాదాపు ఖాయంగా తెలుసు. సోఫాలో మీ ఆవిడ పక్కన చోటుంటుంది.