యూట్యూబ్ కోసుకున్న అమెరికా టాక్స్‌ను మన రిటర్న్‌లో ఎలా చూపాలి?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం. ఉద్యోగం చేస్తూనే తెలుగు వంటల ఛానెల్ నడుపుతున్నాను. చూసేవాళ్లలో అమెరికా తెలుగువాళ్లు ఎక్కువ, అందుకని యూట్యూబ్ నెలనెలా టాక్స్ కోస్తోంది. బ్యాంకులో పడింది చూపిస్తే సరిపోతుందా? కోసింది తిరిగి వస్తుందా?

జవాబు: సరిపోదండి. కోత పడకముందు ఎంత వచ్చిందో అదే మీ ఆదాయం. నేనూ బెంగళూరులోనే ఉంటూ తెలుగు ఛానెల్ నడుపుతున్నాను. మొదటి ఏడాది మా సీఏ గారు బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టేసి, "యూట్యూబ్ లెక్క తీసుకురండి" అన్నారు. అప్పటినుంచి నెలనెలా రాసుకుంటున్నాను.

ఒక నెల తీసుకుందాం. మొత్తం 620 డాలర్లు వచ్చాయి, అందులో అమెరికా వీక్షకుల వల్ల వచ్చింది 200. మీరు అమెరికా పన్ను కోసం యూట్యూబ్‌కు ఇచ్చే W-8BEN ఫారం నింపి, పాన్ ఇచ్చి, మన దేశంతో ఉన్న ఒప్పందం కింద 15 శాతం అడిగి ఉంటే ఆ 200 మీద 30 డాలర్లు పోతాయి. బ్యాంకుకు 590 వస్తుంది. డాలరు 83 రూపాయలనుకుంటే ఖాతాలో పడేది 48,970, చూపాల్సింది మాత్రం 51,460. ఖాతాలో పడిందే రాస్తే ఆదాయం తగ్గించి చూపినట్టవుతుంది. పైగా ఆ 30 డాలర్లను ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్ అడగడానికి ఆధారమే ఉండదు, ఎందుకంటే ఆ డబ్బును మీరు ఆదాయంలోనే చూపలేదు కదా. బ్యాంకు కోసుకునే చార్జీ వేరే సంగతి, అది ఖర్చు కింద రాసుకోవచ్చు.

అందుకే నా షీట్‌లో నెలకో వరుస ఉంటుంది: మొత్తం, అమెరికా వాటా, కోసిన టాక్స్, బ్యాంకులో పడిన రూపాయలు, ఎస్‌బీఐ రేటు. కోసిన టాక్స్‌ను రూపాయల్లోకి మార్చడానికి, కోసిన నెలకు ముందు నెల చివరి రోజు టీటీ బైయింగ్ రేటు, అంటే ఎస్‌బీఐ డాలర్లు కొనే రేటు, వాడాలి. ఆగస్టులో కోస్తే జూలై 31 నాటిది. ఎస్‌బీఐ సైట్‌లో రేట్ల షీట్ మారిపోతూ ఉంటుంది, పాతది తర్వాత వెతుక్కోవడం టెన్షన్. నెలాఖరున ఆ పీడీఎఫ్ దాచుకోండి.

ఇక అందరూ తికమకపడేది 1042-S దగ్గర, అంటే అమెరికా ఆదాయం, కోసిన టాక్స్ చూపిస్తూ ఏటా వచ్చే ఫారం దగ్గర. అది జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క, మనదేమో ఏప్రిల్ నుంచి మార్చి. 2024-25కి కావాల్సిన తొమ్మిది నెలలు 2024 ఫారంలో ఉంటాయి, మిగతా మూడు నెలలు 2025 ఫారంలో. ఆ రెండోది చేతికొచ్చేసరికి 2026 మార్చి అవుతుంది. ఆలోగా రిటర్న్ వేయాలి కాబట్టి, ఆ మూడు నెలలకు యూట్యూబ్ చెల్లింపుల పేజీలోని లావాదేవీల స్టేట్‌మెంట్ దించుకుని, సంతకం చేసి జత చేయాలి. ఇంకొకటి, 1042-Sలో కనిపించే ఆదాయం అమెరికా వాటా మాత్రమే. అదే ఏడాది మొత్తం అనుకోకండి.

కోసింది తిరిగి వస్తుందా అంటే, నగదుగా రాదు. మన పన్నులోంచి తగ్గుతుంది, దానికీ హద్దు ఉంది. ఏడాదిలో అమెరికా వాటా 2,400 డాలర్లు, కోత 360 అనుకుందాం. డాలరుకు 84 లెక్కన 2,01,600 రూపాయలు, కోత 30,240. ఆ ఆదాయానికి సంబంధించిన కెమెరా, ఎడిటింగ్, సామాను ఖర్చు 50,000 తీసేస్తే 1,51,600 మిగులుతుంది. సెస్‌తో కలిపి మీ సగటు పన్ను 18 శాతమైతే దాని మీద ఇక్కడి పన్ను 27,288. క్రెడిట్ అంతవరకే దొరుకుతుంది, మిగతా 2,952 పోయినట్టే. వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం కుదరదు. మీకు జీతం ఉంది కాబట్టి చాలావరకు కలిసొస్తుంది. ఇక్కడ రిబేటుతో పన్ను సున్నా అయ్యేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కూడా రాదు. ఇది తెలియక ఆశ పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వేసేటప్పుడు ముందు విదేశీ టాక్స్ క్రెడిట్ అడిగే ఫారం 67, తర్వాత రిటర్న్. 2024-25కి ఫారం 67 గడువు 2026 మార్చి 31. విదేశీ ఆదాయం ఉంది కాబట్టి ఐటీఆర్-4 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. అందులో విదేశీ ఆదాయానికి Schedule FSI, అక్కడ కట్టిన టాక్స్‌కు Schedule TR నింపాలి. అక్కడ అమెరికా టాక్స్ నంబరు అడుగుతుంది. మీకు లేకపోతే పాస్‌పోర్ట్ నంబరు ఇవ్వండి.

ఈరోజే యూట్యూబ్‌లో మీ W-8BEN ఎప్పుడు ఇచ్చారో చూసుకోండి. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరితో దాని గడువు ముగుస్తుంది. కొత్తది ఇవ్వకపోతే 15 శాతం పోయి 24 శాతం పడొచ్చు, అదీ అమెరికా వాటా మీద కాదు, మొత్తం ఆదాయం మీద.