మైకు ముందు ఏ తెలుగు మాట్లాడాలి?

ప్రశ్న: మాది కర్నూలు దగ్గర పల్లె. మా చిన్నాయన టీచరు, వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. సభలో నన్ను మాట్లాడమన్నారు. గ్రాంథికంగా మాట్లాడాలా, మన యాసలోనే మాట్లాడొచ్చా? ఆఫీసు మీటింగుల్లో, ఇంట్లో ఎట్లా ఉండాలి? టెన్షన్‌గా ఉంది.

ముందు ఒక మాట. గ్రాంథికం ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. "వచ్చితిని, చూచితిని" అని మైకు ముందు అంటే మీ చిన్నాయనే నవ్వుతారు. మీరు గ్రాంథికం అంటున్నది సభల తెలుగు. "విచ్చేసినటువంటి", "తెలియజేసుకుంటున్నాను", "జరిగింది" అనే ఆ మూడు ఇటుకలతో కట్టే తెలుగు. దాని మీద నాకు చాలా కోపం ఉంది, అది చెప్పుకోకుండా మీకు జవాబు ఇవ్వలేను.

మాది కళ్యాణదుర్గం వైపు. డ్రిప్ పైపుల వ్యాపారం పని మీద రైతుల మీటింగులకు తిరుగుతుంటాను. ఒకసారి ఒక ఊర్లో గుడి అరుగు మీద పంట నమోదు గురించి మీటింగ్ పెట్టారు. ఆఫీసరు మంచివాడే, ఎండలో వచ్చాడు, కోపం లేదు, విసుగు లేదు. మైకు చేతికిచ్చేసరికి మాత్రం మనిషి మారిపోయాడు. "వేరుశనగ సాగు చేసినటువంటి రైతు సోదరులందరూ తమ తమ పంట వివరాలను గడువులోగా నమోదు చేయించుకోవలసిందిగా కోరడం జరుగుతోంది. నమోదు కానటువంటి పక్షంలో పరిహారం అందజేయడం జరగదు" అన్నాడు. అందరూ తలలూపారు. తలూపితే అర్థమైందని కాదు, అయిపోయిందేమో అని.

వెనక కూర్చున్న ఒక అవ్వ లేచింది. "సారూ, ఎవురు రాసుకుంటారు? మేమే రావల్లనా, మీరే సేనుకాడికి వస్తారా?" అనడిగింది. ఆయన అదే గొంతుతో "సిబ్బంది ద్వారా నమోదు ప్రక్రియ చేపట్టడం జరుగుతుందమ్మా" అన్నాడు. అవ్వ కూర్చోలేదు. "అది సరే నాయనా, సిబ్బంది అంటే యా పిల్లోడు?"

అరుగంతా నవ్వు. ఆఫీసరు కూడా నవ్వి, పక్కనున్న కుర్రవాడికి మైకు ఇచ్చాడు. ఆ పిల్లోడు చెప్పింది ఇంతే: "అవ్వా, నేనే వస్తా. సోమవారం పొద్దున మీ పక్క చేన్లు చూస్తా. ఆధార్, పాస్‌పుస్తకం తెచ్చుకుని నువ్వు సేనుకాడ ఉండల్ల. శెనక్కాయ పంట ఫోన్‌లో ఫోటో తీస్తా, నీ వేలిముద్ర వేయించుకుంటా. వేలిముద్ర పడకపోతే లెక్క కాదు, అది మర్చిపోవద్దు." ఇద్దరూ చెప్పిన సంగతి ఒకటే. కానీ రెండోసారి వినేసరికి ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో, ఏం తెచ్చుకోవాలో ఊరికి తెలిసింది.

"జరుగుతుంది"లో ఉన్న ఇబ్బంది అది బరువైన మాట కావడం కాదు. అందులో మనిషికి చోటు లేదు. "నీళ్లు వదలడం జరిగింది" అంటే ఎవరు వదిలారో చెప్పకుండా వాక్యం పూర్తయిపోతుంది. "నీళ్లు వదిలినాం" అనాలంటే ఆ "నాం"లో ఎవరో ఒకరు నిలబడాలి. మన మామూలు తెలుగులో క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు: వదిలినాను, వదిలినావు, వదిలినారు. సభల తెలుగు ఆ తోకను కోసేస్తుంది. కొందరు తెలిసే కోస్తారని నా గట్టి నమ్మకం. బిల్లు ఎందుకు ఆగింది అంటే "జాప్యం జరిగింది" అంటారు, అదేదో వాన పడినట్టు.

ఒక్క చోట మాత్రం దానికి పని ఉంది. గ్రామసభ మినిట్స్ పుస్తకంలో "తీర్మానించడమైనది" అని రాస్తారు. కింద సంతకాలు ఉంటాయి కాబట్టి ఎవరు తీర్మానించారో కనబడుతుంది. నోటి మాటకు సంతకం ఉండదు కదా.

ఇక యాస సంగతి. మన "వచ్చినాడు, చేసినాము" తప్పు తెలుగు అని చిన్నప్పటి నుంచీ మన బుర్రల్లో ఎక్కించారు. నిజానికి "వచ్చినాడు" పాత రూపం, అదే కుదించుకుపోయి "వచ్చాడు" అయింది. పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడిన శిష్ట వ్యావహారికానికి ఆధారం చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న వాళ్ల మాట. వాళ్లకు ఇంట్లో మాటే సభలో మాట అయింది, మనకు రెండయ్యాయి. అంతకు మించి అందులో పెద్దరికం ఏమీ లేదు. రాసేటప్పుడు నేనూ "వచ్చాడు" అనే రాస్తున్నాను, అలవాటు. మైకు ముందు మాత్రం "వచ్చినాడు" అనే అంటాను, ఇప్పటిదాకా ఎవరూ దించేయలేదు.

ఆగస్టు 29 వస్తే నాకు ఇంకో మంట. గిడుగు రామమూర్తి గారు 1863లో ఆ రోజున పుట్టారని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. బడిలో పిల్లలు తమకు అర్థమయ్యే వాడుక భాషలో చదువుకోవాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన ఫోటోకు దండ వేసి, ఆ ముందరే "ఆ మహనీయుని దివ్యస్మృతికి నమస్సుమాంజలులు ఘటించుకుంటూ" అని మొదలుపెడతారు! ఎండలో వరసగా నిలబడిన పిల్లలు ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోరు.

సరే, మీ సభకు వద్దాం. నా పద్ధతి చెప్తాను. మీ మాటలు శిష్టంగా ఉండనివ్వండి, మీ చిన్నాయన మాటలు ఆయన అన్నట్టే అనండి. ఉదాహరణకు ఇట్లా:

"పెద్దలందరికీ నమస్కారం. నేను సారు అన్న కొడుకుని. మా చిన్నాయన మొదట్లో సైకిల్ మీద స్కూలుకు పోయేవారు. వానపడితే దారంతా నల్లరేగడి, బురద చక్రానికి పట్టుకుని సైకిల్ కదిలేది కాదు. దాన్ని భుజానికెత్తుకుని వంక దాటేవారు. ఒకరోజు నేను అడిగినాను, ‘చిన్నాయనా, ఈ పొద్దు ఒక్కరోజు పోకపోతే ఏమైతాది?’ అని. ‘పిల్లోల్లు వచ్చింటారు కదరా’ అన్నారు."

సైకిల్ కథ నేను కల్పించింది, మీ దగ్గర మీ కథ ఉంటుంది. చూడాల్సింది ఏమంటే, కథ చెప్పే వాక్యాల్లో "పోయేవారు, దాటేవారు, అన్నారు" అని గౌరవం చివరిదాకా నిలబడింది. ఇంటి మాట కొటేషన్ లోపల మాత్రమే వచ్చింది. జనం కళ్లు తుడుచుకునేది "కదరా" దగ్గర. దాన్ని మీరు "విద్యార్థులు వచ్చి ఉంటారు కదా నాయనా" అని సవరిస్తే మీ చిన్నాయన మాయమై వేరే ఎవరో వచ్చి నిలబడతారు.

తప్పు జరిగేది ఎక్కడంటే మధ్యలో జారిపోవడం. "శ్రీ ఫలానా గారు" అని మొదలుపెట్టి, రెండు నిమిషాలకు వేడెక్కి "ఆయప్ప ఎవురి మాటా వినడు" అంటారు. ఇంట్లో "ఆయప్ప" అంటే ప్రేమే, కానీ "గారు" అన్నాక "వినడు" వస్తే వినేవాళ్లకు మెట్టు తప్పినట్టు ఉంటుంది. దీనికి మందు సులువు. ఫోన్‌లో ఒకసారి రికార్డు చేసుకుని, ప్రతి వాక్యంలో చివరి మాటను మాత్రమే గమనించండి. "రు" వచ్చే చోట "డు" వచ్చిందా, అంతే చూడండి. మిగతా ఉచ్చారణ గురించి బెంగ వద్దు. నీటుగా మాట్లాడాలని "బాధ"ను "భాద" అని, "సభ"ను "శభ" అని ఒత్తి పలికేవాళ్ల కంటే, "సేను" అన్నవాడు నాకు వెయ్యి రెట్లు నయం.

చివర్లో కావాలంటే ఆయన వైపు తిరిగి, ఒకే ఒక్క వాక్యం "నువ్వు" అని నేరుగా అనండి: "చిన్నాయనా, రేపటి నుంచి నువ్వు పొద్దున్నే లేవాల్సిన పని లేదు." మన వైపు చిన్నాయనను, అన్నను "నువ్వు" అనడం అమర్యాద కాదు, పిలుపులోనే మర్యాద ఉంది. అయితే కోస్తా వైపు సంబంధం కలుపుకున్న ఇళ్లల్లో ఇది చిచ్చు పెడుతుంది. మా ఇంట్లో పెళ్లి మాటలప్పుడు మా మామ, అవతలి పెద్దాయనను ప్రేమగా "రాప్పా, కూర్చో" అన్నాడు. వాళ్లు కాఫీ తాగకుండా లేచేంత పనైంది. వియ్యాలవారితో "మీరు, రండి" అనే ఉండండి, పిల్లలు పుట్టేదాకా.

ఆఫీసు మీటింగులో నాకు ఒక్క రూపంతోనే పేచీ వచ్చింది, "అల్ల"తో. ఫోన్‌లో కరీంనగర్ డీలరుకు "లిస్టు ఈ పొద్దే ఇయ్యల్ల" అన్నాను, అంటే ఇవ్వాలి అని. ఆయన చెవికి అది "ఇయ్యలే" అని పడింది. వాళ్ల వైపు అది ఇవ్వలేదు అని. మేమే ఇంకా ఇవ్వలేదేమో అనుకుని ఆయన ఎదురుచూశాడు, ఆయన పంపుతాడని నేను ఎదురుచూశాను. అందుకే వేరే జిల్లాల వాళ్లున్న కాల్‌లో "ఇవ్వాలి, చేయాలి" అని పూర్తిగా అంటాను. "వస్తాండా, పోతాండాం" అనేవి కూడా అక్కడ "వస్తున్నా, పోతున్నాం" చేస్తాను, ఫోన్‌లో ఆ "తాండ" సగం మింగుడుపడి ఏ కాలమో తెలియకుండా పోతుంది. అర్థం తేడా వచ్చే ఈ రెంటినీ మార్చుకుంటే చాలు. మిగతాదంతా అట్లే ఉంచండి. "ఎర్రగడ్డ" అంటే ఉల్లిగడ్డ అని వాళ్లు అడిగి తెలుసుకుంటారు, నష్టం లేదు.

ఇంట్లో ఎట్లా మాట్లాడాలి అనేది మాత్రం అడగాల్సిన ప్రశ్న కాదప్పా. జేజితో "మీరు భోంచేశారా" అంటే, ఏం తప్పు చేసొచ్చినావురా అని ఆమె అడుగుతుంది.