వీలునామాలోని ‘అది’ దేనిని సూచిస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారి రిజిస్టర్డ్ వీలునామాలో ఇలా ఉంది: ‘నా మెట్ట భూమియు, అందులోని బోరును నా పెద్ద కుమారునికి చెందవలెను. ఊరిలోని పెంకుటిల్లును, దానిని ఆనుకొనియున్న 4 సెంట్ల ఖాళీ స్థలమును నా భార్య తన జీవితకాలము అనుభవించవలెను. ఆమె తదనంతరము అది నా చిన్న కుమారునికి సర్వహక్కులతో చెందవలెను.’ నాన్నగారి తరువాత అమ్మ కూడా పోయారు. ‘అది’ అంటే ఇల్లొక్కటేననీ, ఖాళీ స్థలంలో తనకు సగం ఉందనీ అన్నయ్య అంటున్నాడు. మేమిద్దరమే సంతానం. నేనేం చేయాలి?

జవాబు: మీరు రాసిన మాటలను బట్టి చూస్తే, ఇల్లూ ఖాళీ స్థలమూ రెండూ మీకే చెందుతాయన్న వాదనకే బలం ఎక్కువ. ఒక క్లాజు అర్థాన్ని వీలునామా మొత్తాన్ని చదివి గ్రహించాలని భారత వారసత్వ చట్టం, 1925లోని 82వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘అది’ దగ్గరే ఆగిపోకుండా, అంతకు ముందున్న సూచక పదాలు ఒక్కొక్కటి దేనిని పట్టుకుని ఉన్నాయో వరుసగా చూడండి. ‘అందులోని’ మెట్ట భూమిని, ‘దానిని’ పెంకుటింటిని, ‘ఆమె’ మీ అమ్మగారిని సూచిస్తున్నాయి. వీటిలో పేచీ లేదు. ‘అది’ అన్న మాటకు మాత్రం ఇల్లు, స్థలం, ఆ రెండూ కలిసిన ఆస్తి అని మూడు అర్థాలకు వీలుంది. ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా దాని స్థానంలో పెట్టి చదవండి. ఇల్లు అని పెడితే అమ్మగారి తరువాత స్థలం ఎవరిదో వీలునామా చెప్పనట్లవుతుంది, స్థలం అని పెడితే ఇల్లు అలా మిగిలిపోతుంది, రెండూ అని పెడితే ఏదీ మిగలదు. వీలునామా రాసిన మనిషి తన ఆస్తిలో కొంత భాగాన్ని ఎవరికీ చెప్పకుండా వదిలేశాడని అనుకోవడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఇష్టపడవు. పైగా దగ్గరి నామవాచకాన్నే పట్టుకోవాలన్న వాదన తెస్తే అది మీ అన్నగారికే ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే ‘అది’కి దగ్గరగా ఉన్నది ఇల్లు కాదు, ఖాళీ స్థలం.

రెండు ఆస్తులైతే ‘అవి’ అని రాసి ఉండేవారు కదా అని ఆయన తరఫు న్యాయవాది అడగవచ్చు. దీనికి జవాబును వీలునామా చివరి షెడ్యూలులో వెతకాలి. అక్కడ ఇల్లూ స్థలమూ ఒకే ఐటమ్‌గా, ఒకే నాలుగు హద్దులతో ఉంటే, మీ నాన్నగారి దృష్టిలో అది ఒకే ఆస్తి అని చూపడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. వేరువేరు ఐటమ్‌లుగా, వేరువేరు హద్దులతో ఉంటే మీ అన్నగారి వాదనకు కొంత బలం వస్తుంది, అయినా ఏ ఆస్తీ మిగిలిపోకూడదన్న మీ వాదన నిలిచే ఉంటుంది. ఆస్తిని గుర్తించడానికి, కుటుంబ పరిస్థితులను తెలుసుకోవడానికి 75వ సెక్షన్ కింద బయటి విషయాలను కూడా విచారించవచ్చు కనుక, రెండింటికీ కలిపి ఒకే ప్రహరీ, ఒకే గేటు ఉన్నాయా, ఇంటి పన్ను రసీదులో స్థలం కూడా చేరి ఉందా అన్నవి పనికొస్తాయి. అయితే దస్తావేజు లేఖరిని పిలిపించి, ‘స్థలం కూడా చిన్నవాడికే అని ఆయన నాతో అన్నారు’ అని చెప్పించడం మీద ఆశ పెట్టుకోవద్దు. వీలునామా చదవగానే పైకి కనిపించే అస్పష్టత అయితే, రాసినవారి ఉద్దేశం గురించి బయటి సాక్ష్యాన్ని 81వ సెక్షన్ అనుమతించదు.

ఒకవేళ మీ వాదన ఓడితే, స్థలం వరకు మీ నాన్నగారు వీలునామా లేకుండా పోయినట్లే లెక్క. మీరు హిందూ వారసత్వ చట్టం పరిధిలో ఉండి, నాన్నగారి తల్లి ఆయనకంటే ముందే పోయి ఉంటే, అమ్మగారికీ మీ ఇద్దరికీ మూడింట ఒక్కో వంతు వచ్చి, అమ్మగారి వంతు మీ ఇద్దరికీ సమానంగా చేరి, చివరకు చెరి సగం అవుతుంది. మీ అన్నగారు సగం అంటున్నది బహుశా ఈ లెక్కనే.

మరొక విషయం మీ అన్నగారు ఇంకా ఎత్తినట్లు లేదు గానీ, మీరు ముందే తెలుసుకోవాలి. అమ్మగారికి ఇచ్చిన జీవితకాలపు అనుభవం ఆమె మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చినదని రుజువైతే, 1956 హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షన్ ప్రకారం అది సంపూర్ణ హక్కుగా మారే అవకాశం ఉంది. మన ప్రాంతం నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని విస్తారంగా చర్చించింది. అలా జరిగితే ‘అది’ ఎవరిని చేరాలన్న మాటకే విలువ ఉండదు, ఇల్లు కూడా పంపకానికి వస్తుంది. అటువంటి పూర్వపు హక్కుతో సంబంధం లేకుండా వీలునామాయే తొలిసారి ఇచ్చిన పరిమిత హక్కు అయితే 14(2) వర్తించి, షరతు నిలుస్తుంది. కాబట్టి మనోవర్తి ప్రస్తావన వీలునామాలో ఎక్కడైనా ఉందేమో పూర్తి నకలు తెచ్చుకుని చూడండి.

రాజీ కుదరకపోతే హక్కు ప్రకటన కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయాలి. స్థలం మీ అన్నగారి స్వాధీనంలో ఉంటే స్వాధీనం కూడా కోరాలి, లేకుంటే నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షన్ కింద ఆ ప్రకటన ఇవ్వడానికి కోర్టు నిరాకరిస్తుంది. దావాలో మాత్రం ‘సదరు ఆస్తి’, ‘పై ఆస్తి’ అని రాయించవద్దు. ఇంటికి ఒక షెడ్యూలు, ఖాళీ స్థలానికి మరొక షెడ్యూలు వేసి, ప్రతిచోటా ఆ షెడ్యూలు పేరుతోనే చెప్పించండి.