ప్రయోగ సమాచార పత్రానికి సారాంశం రాసేటప్పుడు

సందేహం: మధుమేహానికి కొత్త మాత్రను పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరదలచిన వారి కోసం సమాచార పత్రాన్ని ఒక పేజీకి కుదిస్తున్నాను. అందులో ‘దుష్ప్రభావములు అరుదుగా కలుగును’, ‘వైదొలగుటకు అనుమతించబడును’, ‘పరిహారము చెల్లించబడును’ అని ఉంది. వీటిని వాడుక భాషలోకి మారిస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ‘కలుగును’ బదులు ‘కలుగుతాయి’ అని రాసినా లోటు అలాగే ఉంటుంది. ఎవరికి, ఎవరు, దేనికి అన్నవి ఈ వాక్యాల్లో లేవు.

ఉద్దేశంతో మొదలుపెట్టండి. ‘ఈ మాత్ర చక్కెరను తగ్గిస్తుందో లేదో తెలుసుకోవడానికే ఈ ప్రయోగం. తగ్గించకపోవచ్చు కూడా.’ కొందరికి మందు లేని మాత్ర ఇచ్చే ప్రయోగమైతే ఆ సంగతీ ఇక్కడే చెప్పాలి. ‘మీ చికిత్స కోసం’ అని మాత్రం రాయవద్దు.

‘అరుదుగా తల తిరుగుతుంది’ అంటే మనవాళ్లకు రెండు విధాలుగా తోస్తుంది: అందరికీ ఎప్పుడో ఒకసారి తిరుగుతుందనీ, ఏ కొద్దిమందికో తిరుగుతుందనీ. మందుల పత్రాల్లో ఉద్దేశించేది రెండోది. అక్కడ ‘అరుదు’కు లెక్క కూడా ఉంది: వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ, పదివేల మందిలో ఒకరికి తగ్గకుండా. కాబట్టి మూలంలో అంకె ఉంటే ‘ఇంతమందిలో ఒకరికి’ అనే రాయండి. చక్కెర మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయని, అప్పుడు ఏ నంబరుకు ఫోను చేయాలో కూడా పక్కనే ఉండాలి.

‘అనుమతించబడును’ అంటే ఎవరో దయతలచాలన్నట్టు ధ్వనిస్తుంది. తప్పుకోవడం ఆ మనిషి హక్కు. ‘మీరు ఎప్పుడైనా మానుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. మీకు మామూలుగా అందే వైద్యం ఆగదు. అయితే మాత్రలు ఆపే ముందు డాక్టరుకు చెప్పండి. మందు ఎలా మార్చాలో ఆయన చూస్తారు.’ డాక్టరుకు చెప్పమనడం షరతు కాదు, వారి క్షేమం కోసమే.

అన్నిటికన్నా ప్రమాదం ‘పరిహారం’తోనే. రానుపోను ఖర్చులకు ఇచ్చే డబ్బును కూడా ఆ మాటతోనే రాస్తే, హాని జరిగితే దక్కేది అంతేననుకుంటారు. మొదటిదాన్ని ‘ప్రయాణ ఖర్చులు’ అనండి. మన దేశంలో 2019 నాటి నియమాల ప్రకారం, ప్రయోగంలో ఉండగా హాని జరిగితే ముందు ఉచిత వైద్యం అందించాలి. అవసరమున్నంత కాలం, లేదా ఆ హాని ప్రయోగం వల్ల కాదని తేలేవరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు అది సాగాలి. ప్రయోగం వల్లనే అని తేలితే స్పాన్సరు నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ‘చెల్లించబడును’ తీసేసి ‘ఈ ప్రయోగం చేయిస్తున్న కంపెనీ చెల్లిస్తుంది’ అని దాని పేరుతో రాయండి.

ఈ పేజీని కూడా ఎథిక్స్ కమిటీకి చూపించి ఆమోదం పొందాకే పంచాలి. సంతకం పూర్తి పత్రం మీదనే తీసుకోవాలి.